నెదర్లాండ్స్ పాలనలో ఒక గృహస్థు

ఫోను నెత్తిమీద ఓ మూల తాళంచెవి గుర్తు వెలిసిన తోటి అభాగ్యులారా, మన గోడు వినే నాథుడెవరు? ధరల మీద చర్చలు పెడతారు, సరిహద్దుల మీద పెడతారు. బెండకాయలు కొందామని సైటు తెరిస్తే "మీరు మనిషేనా?" అని నిలదీసి, ట్రాఫిక్ లైట్లున్న గళ్లు ఏరించే ఈ అవమానం మీద మాత్రం ఎవరూ నోరు మెదపరు.

పండక్కొచ్చిన మా అల్లుడు అరిసెలు తిని, వెళ్తూ వెళ్తూ, "మామయ్యగారూ, బయటి వైఫై వాడేటప్పుడు ఇది ఆన్‌లో ఉండాలండీ" అని ఒక వీపీఎన్ ఎక్కించి పోయాడు. ఆ క్షణం నుంచి నా సార్వభౌమాధికారం నెదర్లాండ్స్‌కి దఖలు పడింది. బ్యాంకు యాప్ "వీపీఎన్ ఆపి రండి" అని గుమ్మంలోంచే పంపేస్తుంది. క్రికెట్ పెడితే "మీ దేశంలో ఈ ప్రసారం లేదు" అంటుంది. నేనున్నది విజయవాడ. పోనీ యూరపులో ఉన్న సుఖమైనా దక్కిందా అంటే, ప్రకటనలన్నీ డచ్చి భాషలో.

ఇంత ప్రవాసం దేనికోసమో తేల్చుకుందామని మొన్న రైల్వేస్టేషన్లో కరెంటు బిల్లు కట్టడానికి ఉపక్రమించాను. వైఫై కలిసిందని గుర్తు చూపిస్తుంది, ఒక్క పేజీ తెరుచుకోదు. కారణం ఇదీ: స్టేషన్ వైఫై ముందు తన పేజీ చూపించి, ఫోన్ నంబరు అడిగి, ఓటీపీ పంపి, అప్పుడుగానీ లోపలికి రానివ్వదు. మా అల్లుడేమో సెట్టింగ్స్‌లో "Block connections without VPN" నొక్కి ఉంచాడు. వైఫై ఓటీపీ ఇమ్మంటుంది, వీపీఎన్ తను లేకుండా ఎవరితోనూ మాట్లాడొద్దంటుంది. ఇద్దరి మధ్యా సంధి కుదిరే మార్గం ఒకటే. ముందు ఆ కట్టడి తీసి, వీపీఎన్ ఆపాలి. ఓటీపీ కొట్టి, మళ్లీ వీపీఎన్ వెయ్యాలి. అంటే రక్షణ కావాలంటే కాసేపు రక్షణ లేకుండా కూర్చోవాలి.

సరే, వీపీఎన్ లేకుండానే బిల్లు కట్టాననుకోండి. ఆ వైఫై నడిపేవాడికి ఏం కనబడుతుంది? నేను ఫలానా కరెంటు సంస్థ సైటుకి, తర్వాత ఫలానా బ్యాంకుకి వెళ్లానని తెలుస్తుంది. ఎప్పుడు వెళ్లానో, ఎంత డేటా అటూ ఇటూ నడిచిందో తెలుస్తుంది. సర్వీసు నంబరు, కార్డు నంబరు, పాస్‌వర్డు మాత్రం తెలియవు. అడ్రసు ముందు https ఉన్న ప్రతి సైటూ మన ఫోనుకీ తన సర్వరుకీ నడుమ మాటలన్నీ గుప్తభాషలోకి మార్చేస్తుంది. కవరు మీద అడ్రసు కనబడుతుంది, లోపలి ఉత్తరం కనబడదు. వీపీఎన్ చేసేదల్లా ఆ కవరును ఇంకో కవరులో పెట్టి తన ఆఫీసుకి రప్పించుకోవడం. అక్కడ పై కవరు చించి, లోపలి అడ్రసు చూసి, పోస్టు చేస్తుంది. స్టేషన్లో ఉన్నవాడి చూపు తప్పించుకున్నాను, నిజమే. ఎన్నడూ ముఖం చూడని కంపెనీ చూపులో పడ్డాను. చందా కట్టి మరీ.

ఎప్పుడూ ఇలాగే ఉండేదా అంటే, లేదు. 2010లో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామరు ఫైర్‌షీప్ అని ఫైర్‌ఫాక్స్‌కి ఒక తోక తగిలించాడు. అప్పట్లో చాలా సైట్లు లాగిన్ పేజీకి మాత్రమే తాళం వేసి, ఆ తర్వాత అంతా బాహాటంగా పంపేవి. తాళం లేని వైఫైలో కూర్చుని ఫైర్‌షీప్ తెరిస్తే పక్క టేబుళ్లవాళ్ల ఫేస్‌బుక్ ఖాతాలు వరసగా కనబడేవి, నొక్కితే వాళ్ల పేరుతోనే లోపలికి పోవచ్చు. ఆ గగ్గోలు తర్వాత పెద్ద సైట్లు మొదటినుంచి చివరిదాకా తాళం వెయ్యడం నేర్చుకున్నాయి. 2015 నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఆ తాళాలు ఉచితంగా పంచడంతో చిన్న సైట్లూ దారికొచ్చాయి. వీపీఎన్ ప్రకటనలు మాత్రం ఇంకా 2010లోనే ఉన్నాయి.

ఇప్పుడు మధ్యలో ఎవడైనా దొంగ వైఫై పెట్టి, బ్యాంకు వేషం కట్టాడనుకోండి. బ్రౌజరు "Your connection is not private" అని తెరంతా పరిచి అడ్డం పడుతుంది. బయటి వైఫైలో అది కనబడితే వెనక్కి రావాలి. మనవాళ్లలో కొందరు మహావీరులు మాత్రం "ఏదో అంటుందిలే" అని కింద చిన్నక్షరాల్లో ఉన్న దారి వెతికి మరీ లోపలికి పోతారు.

అయినా వీపీఎన్ కావాలనే వాళ్లున్నారు. ఏ సైట్లు చూస్తున్నామో హోటలువాడికి తెలియకూడదనుకుంటే, https లేని పాత సైటు తప్పనిసరైతే, న్యాయమైన కోరికే. అప్పుడు అడగాల్సింది ఎంత వేగమని కాదు, ఎవరి చేతిలో పడుతున్నామని. ఉచితం అనగానే మన ప్రాణం లేచి వస్తుంది కదా. 2016లో ఆస్ట్రేలియా వారి సీఎస్ఐఆర్ఓ పరిశోధకులు 283 ఆండ్రాయిడ్ వీపీఎన్ యాప్‌లు విప్పి చూస్తే, 18 శాతం అసలు గుప్తభాషే వాడటం లేదు. 38 శాతంలో చెడ్డ ప్రోగ్రాముల జాడలున్నాయి. ఫేస్‌బుక్ 2013లో కొన్న ఒనావో కంపెనీ వీపీఎన్ మిమ్మల్ని కాపాడతానంటూనే జనం ఏ యాప్‌లు వాడుతున్నారో యజమానికి చేరవేసింది. 2019లో మూతపడింది. కాబట్టి యజమాని ఎవరో తెలిసి, బయటి ఆడిటర్ల తనిఖీ నివేదికను ఈమధ్యే బయటపెట్టి, వైర్‌గార్డ్ గానీ ఓపెన్‌వీపీఎన్ గానీ వాడే డబ్బు కట్టే సేవే కాస్త నయం. వేశాక మన ఐపీ అడ్రసు మారిందో లేదో ఏదైనా ఐపీ చూపించే సైటులో సరిచూసుకోవాలి. మారకపోతే ఆ తాళంచెవి అలంకారమే.

మన దేశంలో ఇంకో మెలిక ఉంది. 2022 ఏప్రిల్లో ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ వాడుకదార్ల పేర్లూ అడ్రసులూ 5 ఏళ్లు దాచి ఉంచమని వీపీఎన్ కంపెనీలను ఆదేశించింది. కొన్ని పెద్ద కంపెనీలు ఇక్కడి సర్వర్లు పీక్కుని పోయాయి. అలాంటివాటిలో "ఇండియా" అని ఎంచుకుంటే సింగపూర్ నుంచి భారతీయుడి వేషంలో తిరిగి వస్తాం. అటు తిరిగి ఇటొస్తే ఆలస్యం సహజం.

ఇన్ని తిప్పలూ పడి ఫ్రీ వైఫై వాడుతుంటే, జేబులో రోజుకి ఒకటిన్నర జీబీ మొబైల్ డేటా అర్ధరాత్రికల్లా అంతరించిపోతుంటుంది. బిల్లు కట్టడానికి అందులో చెంచాడు చాలు. కానీ గృహస్థు అన్నాక ఊరికే వచ్చేదాన్ని వదులుకోగలడా?

అసలు దొంగలు వైఫైలో మాటేసుకుని కూర్చుంటారనుకోవడమే వాళ్లని చిన్నబుచ్చడం. వాళ్లు తిన్నగా మెసేజ్ పెడతారు: "మీ పాత బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రి 9.30కి కరెంటు కట్, ఈ ఆఫీసరుకి ఫోన్ చెయ్యండి." ఆ ఆఫీసరు చెప్పిన స్క్రీన్ చూపించే యాప్ మనమే వేసుకుంటాం, పిన్ మనమే కొడతాం. పెళ్లిపత్రిక పేరుతో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలూ మనమే నొక్కుతాం. వీపీఎన్ వీటిలో దేన్నీ ఆపదు. మన పిన్ను భద్రంగా, గుప్తభాషలో, దారిలో ఎవరి కంటా పడకుండా దొంగకే అందజేస్తుంది. గూగుల్ ఖాతాలో లాగిన్ అయి ఉండి, నేను నెదర్లాండ్స్‌లో ఉన్నానని గూగుల్‌ని నమ్మించబోవడం కూడా ఇలాంటిదే. మన పేరు మనమే చెప్పాం కదండీ.

మొత్తానికి స్టేషన్లో సంధి కుదిర్చి, వీపీఎన్ వేసి, అడ్రసులో https ఉందో లేదో చూసి, బిల్లు కట్టాను. బెంచీ మీద నా పక్కనున్న పెద్దమనిషి అంతసేపూ నా భుజం మీదుగా అన్నీ చూస్తూనే ఉన్నాడు. రసీదు రాగానే సానుభూతిగా తల ఊపి, "ఏసీ ఇరవై ఆరులో పెట్టుకోండి సార్, ఇంత రాదు" అన్నాడు.