కాకి వాలింది, మొల తగ్గింది

మా వీధి చివరి మెడికల్ షాపులో రెండు రకాల గొంతులు వినిపిస్తాయి. జ్వరం మాత్ర అడిగేవాడి గొంతు అవతలి పాన్‌డబ్బా దాకా వినిపిస్తుంది. మొలల మందు అడిగేవాడి గొంతు మాత్రం గర్భగుడి ముందు మొక్కు చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. షాపు కుర్రాడు ఆరితేరినవాడు. ‘దేనికండీ’ అని అడగడు. చెయ్యి వెనక్కి చాచి ఒక ట్యూబు తీస్తాడు, పేపరు ముక్కలో చుడతాడు, నల్ల కవర్లో వేస్తాడు. కొన్నవాడు చిల్లర కూడా తీసుకోకుండా వెళ్లిపోతాడు. ఈ సిగ్గే ఈ వ్యాపారానికి అసలు పెట్టుబడి. సిగ్గుపడేవాడు ప్రశ్నలు వెయ్యడు, పని చెయ్యకపోతే వెనక్కొచ్చి తగువూ పెట్టుకోడు.

అదే సందులో గోడ మీద ‘మొలలు మూడు రోజుల్లో మాయం’ అని రాసుంది. దాని కిందే ‘ఇచ్చట మూత్రము పోయరాదు’ అని కూడా ఉంది. ఆ గోడ దగ్గర ఏ చట్టమూ చెల్లదని ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఎందుకంటే మన దేశపు 1945 నాటి డ్రగ్స్ నిబంధనల్లో షెడ్యూల్ ‘జె’ అని ఒక జాబితా ఉంది. ఫలానా జబ్బులను నయం చేస్తానని ఏ మందూ చెప్పుకోకూడదని దాని సారాంశం. బట్టతల పోగొట్టడం, ఎత్తు పెంచడం లాంటి వాటి సరసన మొలలు, ఫిస్టులా కూడా అందులో ఉన్నాయి. కాస్త పద్ధతైన కంపెనీ అయితే ట్యూబు పెట్టె మీద ‘ఉపశమనం’ అని మాత్రమే అచ్చేస్తుంది. దాన్ని ‘నయం’ అని చదువుకునేది మనమే.

ఈ విషయంలో నేను పండితుణ్ణి కావడానికి హైదరాబాద్ నుంచి శ్రీకాకుళం దాకా చేసిన ఒక రాత్రి బస్సు ప్రయాణం కారణం. నీళ్లు తాగితే బస్సు ఆపమని అడగాల్సి వస్తుందని తాగలేదు. మర్నాడు ఆదివారం, చుట్టాలింట్లో బిడియపడి కడుపు బిగబట్టాను. సోమవారం పొద్దున బలవంతంగా ముక్కాను. మధ్యాహ్నానికి బయటి అంచున రేగుపండంత గడ్డ వచ్చింది, నీలంగా, గట్టిగా. కూర్చుంటే నొప్పి, నడిస్తే నొప్పి, తుమ్మితే ప్రాణం పోయి వచ్చినట్టు.

మా బావగారికి ఫోన్ చేశాను. ఆయన మూడేళ్లుగా ట్యూబు భక్తుడు. ‘ఒరేయ్, డాక్టరూ వద్దు, గీక్టరూ వద్దు. ట్యూబు పొద్దునా రాత్రీ రాయి, వారంలో గడ్డ ఉంటే నన్నడుగు’ అన్నారు. రాశాను. మంగళవారం నొప్పి ఇంకా పెరిగింది. బుధవారం అలాగే ఉంది. గురువారం కొంచెం తెరిపి ఇచ్చింది. శనివారానికి కుర్చీలో కూర్చోగలిగాను. ఆ పై మంగళవారానికి గడ్డ మెత్తబడి శనగబద్దంత అయింది. బావగారు ఆ రోజు ఫోన్లో నవ్విన నవ్వు ఎన్నికల్లో గెలిచినవాడి నవ్వు.

మన పెద్దలు దీనికి ఏనాడో పేరు పెట్టారు, కాకతాళీయం అని. కాకి వాలింది, తాటిపండు రాలింది. పండు అప్పటికే ముగ్గి రాలడానికి సిద్ధంగా ఉంది, కాకి మాత్రం తన బలమే అనుకుంది.

ఆ పండు ఎలా ముగ్గిందో ఒక సర్జన్‌గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. మొలలు కొత్తగా మొలిచేవి కావు. మలద్వారం బిగువుగా మూసుకోవడానికి అందరికీ పుట్టుకతోనే అక్కడ రక్తనాళాల మెత్తలు ఉంటాయి. అవి ఉబ్బి, జారి, బాధపెట్టినప్పుడే వాటిని మొలలంటాం. నాకు జరిగింది బయటి మెత్తలో రక్తం గడ్డకట్టడం. దాని నొప్పి మొదటి రెండు మూడు రోజులు తీవ్రంగా ఉంటుంది, తర్వాత దానంతటదే తగ్గుతూ వారం పది రోజుల్లో భరించేటట్టు అవుతుంది. గడ్డ పూర్తిగా కరగడానికి ఇంకొన్ని వారాలు పట్టొచ్చు. ‘మీరు రాసింది చర్మం మీద, గడ్డ ఉన్నది చర్మం కింద. ఏ పూతా ఆ గడ్డను కరిగించదు. మొదటి మూడు రోజుల్లో వచ్చి ఉంటే ఆ చోటు మొద్దుబార్చి చిన్న కోతతో తీసేసేదాన్ని. ఇప్పుడు అదే పోతోంది కాబట్టి కత్తితో పనిలేదు’ అన్నారావిడ. అంటే డాక్టరు నిజంగా పనికొచ్చే మూడు రోజులూ నేను ట్యూబు పూజలో గడిపానన్నమాట.

మరి ట్యూబు ఏమీ చెయ్యదా? చేస్తుంది. దాని మీద చీమకాళ్లంత అక్షరాల్లో రాసింది భూతద్దం పెట్టి చదివాను. పేర్లు మారినా సరుకు దాదాపు అదే. మొదటిది లిడోకైన్, పన్ను పీకేముందు ఇచ్చే మత్తు జాతిది. పైచర్మాన్ని కాసేపు మొద్దుబారుస్తుంది కాబట్టి మంట, దురద తెలియవు. మత్తు దిగగానే అవి తిరిగొస్తాయి, ఎందుకంటే కారణం ఎక్కడికీ పోలేదు. రెండోది కొన్నింట్లో ఉండే ఫినైలెఫ్రిన్, జలుబు మాత్రల్లో ముక్కుదిబ్బడ కోసం వేసేది. రక్తనాళాలను కాసేపు ముడిచి, వాపు కొంచెం దించుతుంది. కొన్ని గంటలకు నాళాలు మళ్లీ తెరుచుకుంటాయి. జారి బయటికొచ్చిన మొలను లోపలికి పంపే శక్తి దానికి లేదు. పైగా బీపీ, గుండెజబ్బు, ప్రోస్టేట్ వాపు ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా వాడకూడనిది అది. ఇక జింక్ ఆక్సైడ్, పెట్రోలియం జెల్లీ లాంటివి ఏ గొప్పలూ చెప్పుకోవు. ఒరుసుకుపోయిన చర్మం మీద పొరలా నిలిచి తడి తగలకుండా చూస్తాయి. అసలు ఆ ట్యూబులో అన్నిటికన్నా నిజాయితీగా పనిచేసేవి అవేనేమో.

మిగిలింది స్టెరాయిడ్. దురదకు ఇది నిజంగానే మంచి మందు, వారం రోజుల వరకు. మా బావగారు మూడేళ్లు రాశారు. ఆయనకు షుగరుంది. మొదటి నెల దురద పోయింది. మానేస్తే వచ్చింది, మళ్లీ రాశారు. క్రమంగా ట్యూబు నెలకు ఒకటి పోయి రెండయ్యాయి, దురద తొడల దాకా పాకింది. చివరికి స్కిన్ డాక్టరు చూస్తే అక్కడున్నది మొల కాదు, తామర. స్టెరాయిడ్ ఎరుపునూ దురదనూ అణిచిపెట్టి, కింద ఫంగస్‌ను పెంచి పోషించింది. చర్మం ఉల్లిపొరలా పలచబడి, కడుక్కుంటేనే మండేది. ఇలాంటి దుర్వినియోగం చూసే కేంద్రం 2018లో పద్నాలుగు రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ ‘హెచ్’లో చేర్చింది. ఆ సంగతి మా షాపు కుర్రాడికి తెలుసు. నల్ల కవరుకు తెలియదు.

సపోజిటరీ కథ ఇంకా రంజుగా ఉంటుంది. తుపాకీ గుండు ఆకారం, వెండి రంగు రేకు, ఫ్రిజ్‌లో దాచుకోవాలన్న హెచ్చరిక. ఖరీదు చూసి, పెట్టుకునే కష్టం చూసి, ఇది కచ్చితంగా గొప్ప మందే అయి ఉండాలని మనకు నమ్మకం కుదురుతుంది. ఒంటి వేడికి కరిగేలా చేస్తారు దాన్ని. బెజవాడ మే నెలలో అయితే ఇల్లు చేరేలోపు జేబులోనే కరుగుతుంది. సరే, కరగకుండా లోపలికి చేరిందనుకుందాం. మలద్వారం అంచు నుంచి దాదాపు రెండు సెంటీమీటర్ల పైన ఒక గీత ఉంటుంది. దాని కింద సూదిమొన తగిలినా తెలుస్తుంది, దాని పైన నొప్పి తెలిసే నరాలు లేవు. సపోజిటరీ ఆ గీత దాటి పైకి జారి, అక్కడ తీరిగ్గా కరుగుతుంది. దురద పుట్టేది బయటి చర్మంలో. తలుపు దగ్గర దొంగ ఉంటే, కానిస్టేబుల్ని మేడ మీదికి పంపినట్టు. దాని జిడ్డు వల్ల గట్టి విరేచనం కాస్త ఒరుసుకోకుండా జారుతుంది, ఆ మేలు నిజమే. లోపలి మొలల్ని మాత్రం అది పీకదు, ఎండబెట్టదు. ఇక గ్లిజరిన్ సపోజిటరీ అన్నది విరేచనం కావడానికి ఇచ్చేది, మొలలకు మందే కాదు. షాపులో ఇచ్చే కంగారులో ఏది ఏదో ఎవరు చూశారు?

అసలు దురదంతా మొలలదే అనుకోవడం కూడా ట్యూబు భక్తిలో భాగమే. రాత్రి పక్క ఎక్కాక పిల్లాడూ నాన్నా ఇద్దరూ గోక్కుంటుంటే అవి నులిపురుగులు, వాటికి మాత్ర వేరే ఉంది. రోజుకు నాలుగుసార్లు సబ్బుతో రుద్ది కడిగే శుభ్రమూర్తికి దురద ఆ సబ్బు వల్లే కావచ్చు. కడుక్కున్నాక తడి ఆరనివ్వకపోయినా దురదే. విరేచనం అవుతుంటే గాజుపెంకుతో కోసినట్టుంటే అది ఫిషర్, అంటే చీలిక. దానికి బిగుసుకున్న కండరాన్ని వదులుచేసే వేరే పూత డాక్టరు రాస్తారు. ఇన్నిటినీ మనం ‘పైల్స్’ అనే ఒకే గాటన కట్టి, ఒకే ట్యూబుతో కొడుతున్నాం.

సర్జన్‌గారు నాకు రాసిన చీటీలో ట్యూబు ఉంది, కానీ ఆఖరి లైన్లో, ‘వారం మాత్రమే’ అని గీత గీసి. పై లైన్లలో ఉన్నవి ఇసబ్గోల్ పొట్టు, దానికి సరిపడా నీళ్లు, గోరువెచ్చని నీళ్ల టబ్బులో పదిహేను నిమిషాలు కూర్చోవడం, మరుగుదొడ్లోకి ఫోను తీసుకెళ్లకపోవడం. చదివి నాకు అవమానమనిపించింది. ఇంత చదువు చదివి పొట్టు రాసిందేమిటి? తర్వాత తెలిసింది, పీచు పదార్థం మొలల రక్తాన్ని దాదాపు సగానికి తగ్గిస్తుందని పరిశోధనలు ఒప్పుకున్నాయని. పొట్టు వాడితే ముక్కే పని తప్పుతుంది, ముక్కడం తప్పితే మెత్తలు జారడం తగ్గుతుంది. ట్యూబు దురద దగ్గర ఆగిపోతే పొట్టు మూలం దాకా వెళ్తుంది. అప్పటికీ జారేవాటికి రబ్బరు బ్యాండు వెయ్యడం లాంటి పద్ధతులున్నాయి. ఏ పూతా వాటికి బదులు కాదు.

వెళ్లబోతుంటే ఆవిడ అడిగారు, ‘రక్తం పడుతోందా?’ అని. ‘మొలలకు మామూలే కదండీ’ అన్నాను, బావగారి గొంతుతో. ఆవిడ పెన్ను కింద పెట్టారు. ‘ఆ మాట మీరు చెప్పకూడదు, చూశాక నేను చెప్పాలి. పెద్దపేగు క్యాన్సర్‌లోనూ రక్తమే పడుతుంది. రంగు ముదిరినా, మలంలో కలిసి వచ్చినా, బరువు తగ్గినా, అలవాటు మారినా, నలభై దాటినా ట్యూబుతో కాలక్షేపం చెయ్యొద్దు’ అన్నారు.

మొన్న మెడికల్ షాపుకెళ్లి, పాన్‌డబ్బా దాకా వినిపించేలా ‘ఇసబ్గోల్ పొట్టు ఇవ్వవయ్యా, మొలలకు’ అన్నాను. కుర్రాడు అలవాటు కొద్దీ నల్ల కవరు తీశాడు. వద్దన్నాను. పక్కన గుసగుసగా ఏదో అడగబోతున్న పెద్దమనిషి నా వంక చూసి, కాసేపు ఆలోచించి, ‘నాక్కూడా అదే’ అన్నాడు. గొంతు కొంచెం పెరిగింది.