సగం డిగ్రీలో సింహం తప్పిన పిల్ల

రాజమండ్రిలో మా ఎదురింట్లో పాతికేళ్లుగా ఒక సింహం ఉండేది. మొన్న ఆదివారం పొద్దున్న కాఫీ వేళకి అది పీత అయిపోయింది.

జరిగిందేమిటంటే, పిల్లకి సంబంధం వచ్చింది. వాళ్ల నాన్న జాతకం వేయించి తెచ్చాడు. పుట్టింది 2000 ఆగస్టు 16, తెల్లవారుజామున 5 గంటలకి. చక్రంలో రవి కర్కాటకంలో కూర్చున్నాడు. హైదరాబాదు నుంచి సెలవుకి వచ్చిన పిల్ల అది చూసి గయ్యిమంది. "నేను లియో నాన్నా! మెళ్లో లాకెట్ కూడా సింహమే. నన్ను పీతని చేస్తావా?"

"నేనేం చేశానే తల్లీ, సూర్యుడు అక్కడున్నాడు" అన్నాడాయన, నేరం తనది కాదన్నట్టు.

నిజానికి సూర్యుడు ఎక్కడున్నాడో ఇద్దరికీ తెలుసు. ఆ చోటికి పేరు పెట్టడం దగ్గరే పేచీ. పిల్ల పద్ధతిలో లెక్క మార్చిలో పగలూ రాత్రీ సమానమయ్యే బిందువు నుంచి మొదలవుతుంది. అక్కణ్ణించి ముప్ఫై డిగ్రీలకో రాశి. ఆ తెల్లవారుజామున సూర్యుడు 143 డిగ్రీలు దాటాడు కాబట్టి సింహంలో 23. నాన్న లెక్క నక్షత్రాలను పట్టుకుని మొదలవుతుంది. భూమి ఇరుసు బొంగరంలా తూలుతుంటుంది గనుక ఆ సమరాత్రి బిందువు 72 ఏళ్లకో డిగ్రీ చొప్పున నక్షత్రాల మధ్య వెనక్కి జరుగుతూ ఉంటుంది. సుమారు 1700 ఏళ్ల కిందట రెండు లెక్కలూ ఒకచోటే మొదలయ్యేవి. ఇప్పుడు మధ్యలో దాదాపు 24 డిగ్రీల ఎడం. దాన్నే అయనాంశ అంటారు. 143లోంచి అది తీసేస్తే 119న్నర. కర్కాటకం 120తో అయిపోతుంది. అంటే పిల్లకి సింహం అర డిగ్రీలో తప్పిపోయింది. ఇంకో పన్నెండు గంటలు ఆగి పుట్టి ఉంటే ఇంట్లో ఈ రభసే లేదు.

నాన్న బ్రహ్మాస్త్రం తీశాడు. "గురుడు సింహంలోకి వస్తేనే గోదారికి పుష్కరం. 2015 జూలై 14న వచ్చాడు, మునిగాం. మరి నీ లెక్కలో?" పిల్ల ఫోనులో వెతికి మొహం వేలాడేసింది. ఆ లెక్కలో గురుడు 2014 జూలైలోనే సింహంలో దిగిపోయాడు. ఆ ప్రకారం ఊరంతా ఒక ఏడాది ఆలస్యంగా మునిగినట్టు!

అయితే గోదారి పిల్ల అంత తేలిగ్గా మునగదు. "సరే నాన్నా, సంక్రాంతికి ఉత్తరాయణం వచ్చిందంటావు కదా. సూర్యుడు ఉత్తరానికి తిరిగేది డిసెంబరు 21, 22 తారీకుల్లో. నువ్వు జనవరి 14 దాకా ఎవరి కోసం ఆగుతున్నావు?" ఈసారి నాన్న పేపర్లోకి తల దూర్చాడు. ఆయన గట్టిగా పట్టుకున్న నక్షత్రాలకి రుతువులతో పొత్తు లేదు. అల్లుళ్లొచ్చాక గానీ సూర్యుడు తిరగడని మనవాళ్ల నమ్మకం కాబోలు.

అసలు గమ్మత్తు అయనాంశలో ఉంది. మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో వేసిన పంచాంగ సంస్కరణ సంఘం దాన్ని 1956 మార్చి 21కి 23 డిగ్రీల 15 నిమిషాలని లెక్కకట్టింది. మనం లాహిరి అయనాంశ అనేది దాన్నే. బెంగుళూరు బి.వి. రామన్ గారి లెక్క వేరు, దీనికన్నా సుమారు డిగ్రీన్నర తక్కువ. ఆ లెక్కన తీసేస్తే పిల్ల 121లో పడుతుంది. అంటే మళ్లీ సింహం! ఆకాశంలో ఒక్క చుక్క కదల్లేదు. అనాదిగా వస్తున్నదని నాన్న చెప్పే శాస్త్రంలో కూతురి స్వభావం ఏ పెద్దమనిషి ఎక్కడ గీత గీశాడన్న దాన్నిబట్టి మారిపోతోంది. ఈ ముక్క చెబితే ఇద్దరూ ఏకమై నా మీదికి లేచారు.

తర్వాత ఎవరి ఫలితం వాళ్లు పైకి చదివారు. సింహానికి పైకి గంభీరం, లోపల మెత్తన, మాట పడదు. పీతకి పైన పెంకు, లోపల మెత్తన, మాట పడితే మర్చిపోదు. వంటింట్లోంచి వాళ్లమ్మ తొంగి చూసి, "ఇందులో పిల్లెవరు, మీరెవరు? ఇద్దరూ నాకు ఒక్కలాగే వినపడుతున్నారు" అంది.

మధ్యాహ్నానికి రాజీ కుదిరింది. పెళ్లివారికి కర్కాటకం, ఇన్‌స్టాగ్రామ్‌కి సింహం. పిల్ల సాయంత్రం బస్సెక్కుతుంటే నాన్న కేకేశాడు, "2027 పుష్కరాలకి సెలవు ఇప్పుడే చెప్పి పెట్టుకోవే!"

"నా లెక్కలో గురుడు 2026లోనే సింహంలోకి వస్తాడు నాన్నా."

"అయితే ఆ ఏడూ రా."