కాగితం పీలిక

ఆ ఫ్యూమ్ హుడ్ వయసు 16 ఏళ్లు. హైదరాబాద్ శివార్లలోని ఒక మందుల కంపెనీలో, క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్ మూలన ఉంటుంది. ముడిసరుకులో సీసం, ఆర్సెనిక్ లాంటివి ఎంతున్నాయో తేలాలంటే ముందు శాంపిల్‌ని గాఢ నైట్రిక్ ఆమ్లంలో వేసి హాట్‌ప్లేట్ మీద కాచాలి. ల్యాబ్‌లో దాన్ని డైజెషన్ అంటారు. కాసేపటికి బీకరులోంచి గోధుమరంగు పొగ లేస్తుంది. ఆ పొగ మనిషి ముక్కులోకి పోకుండా డాబా మీది గొట్టంలోకి పోవడానికే హుడ్ ఉన్నది.

హుడ్ ముందు పైకీ కిందికీ జరిగే అద్దం తలుపు ఉంటుంది. దాని కింది అంచున, కుడి చివర ఒక టిష్యూ కాగితం పీలిక వేలాడుతుంటుంది. అరంగుళం వెడల్పు, నాలుగంగుళాల పొడవు. ల్యాబ్ సూపర్‌వైజరే అంటించింది. బ్లోయర్ గాలిని లాగుతుంటే పీలిక లోపలికి వంగుతుంది. లాగకపోతే తిన్నగా వేలాడుతుంది. పీలిక వైపు చూడకుండా ఎవరూ హుడ్‌లో బీకరు పెట్టకూడదన్నది ఆమె పెట్టిన నియమం. కొత్తగా చేరిన వాళ్లకు మొదటిరోజు ఆమె చూపించేది ఆ పీలికనే.

ఆ ఏడు జూన్‌లో పీలిక వంగడం తగ్గింది. మెయింటెనెన్స్ వాళ్లు డాబా ఎక్కి బ్లోయర్ బెల్టు మార్చారు. వారం పాటు కాస్త వంగింది. మళ్లీ తిన్నగా నిలిచింది.

జూలైలో ఒక సాయంత్రం, చేరి ఏడాది కూడా కాని కెమిస్టు ఒకతను ఆరు శాంపిళ్లు డైజెషన్‌కి పెట్టాడు. షిఫ్టు దిగేటప్పుడు కొంచెం దగ్గాడు. గొంతు మండుతోందన్నాడు. మంచినీళ్లు తాగితే తగ్గింది, బస్సెక్కి ఇంటికి వెళ్లాడు. అర్ధరాత్రి దాటాక ఊపిరాడలేదు. ఇంట్లో వాళ్లు ఆసుపత్రికి తీసుకెళ్లారు. నైట్రిక్ ఆమ్లం పొగలో ఉండే నైట్రోజన్ డయాక్సైడ్ తీరు అది. పీల్చినప్పుడు చిన్న దగ్గుతో సరిపెడుతుంది. గంటలు గడిచాక ఊపిరితిత్తుల్లో నీరు చేరుస్తుంది. బాగానే ఉన్నానని ఇంటికి వెళ్లినవాడికి తెల్లవారేలోపు ప్రాణం మీదికి రావచ్చు. అతను రెండు రోజులు ఆక్సిజన్ మీద ఉండి బయటపడ్డాడు.

తరువాతి వారం కంపెనీ సొంత సేఫ్టీ బృందం తనిఖీకి వచ్చింది. వాళ్ల దగ్గర ఎనిమోమీటర్ ఉంది. అద్దం తలుపును 18 అంగుళాల ఎత్తులో నిలిపారు. తెరిచిన భాగాన్ని మూడు వరుసలుగా, వరుసకు మూడు గళ్లుగా ఊహించుకుని ఒక్కో గడి మధ్యలో గాలి వేగం కొలిచారు. పై వరుసలో నిమిషానికి 68, 64, 61 అడుగులు. మధ్య వరుసలో 55, 52, 47. కింది వరుసలో 44, 41, 36. సగటు 52. ఇలాంటి హుడ్‌కి 80 నుంచి 120 దాకా ఉండాలని మామూలుగా చెబుతారు.

ఆ తరువాత స్మోక్ ట్యూబ్ విరిచి కింది కుడి మూలన పట్టుకున్నారు. తెల్లటి పొగ కొంత లోపలికి వెళ్లింది. కొంత వెనక్కి తిరిగి, అద్దం అంచు కిందుగా, హుడ్ ముందు నిలబడే మనిషి ఛాతీ వైపు వచ్చింది. ఆ మూలకు ఎదురుగా ఏసీ గాలి పడుతుంది. రిపోర్టులో ఒక వాక్యం రాశారు: కింది కుడి మూలన పొగ బయటికి వస్తోంది, హుడ్ ఆమ్లాల పనికి తగదు.

సూపర్‌వైజర్ ఆ రోజే హుడ్ మీద ‘వాడరాదు’ అని ఎర్ర ట్యాగ్ కట్టింది. రాత్రి కూర్చుని మేనేజ్‌మెంట్‌కి ఉత్తరం రాసింది. మూడు పేజీలు వచ్చింది. కెమిస్టు తల్లి ఆసుపత్రి వరండాలో తనను అడిగిన ప్రశ్న కూడా అందులో ఉంది.

పొద్దున దాన్ని క్వాలిటీ విభాగంలోనే ముప్పై ఏళ్లు చేసిన పెద్దాయనకు చూపించింది. ఆయన చివరిదాకా చదివాడు.

“అంతా నిజమే అమ్మా. కానీ ఇందులో కోపం ఉంది. వాళ్లు కోపానికి జవాబు రాస్తారు, హుడ్‌కి కాదు. ఒక్క పేజీ చెయ్యి. ఏం కొలిచారు, ఎంత ఉండాలి, ఏం చేసి చూశాం, ఏం కావాలి, ఎప్పటిలోగా కావాలి. అంతే.”

ఆమె మళ్లీ రాసింది. తొమ్మిది గళ్ల అంకెలు పెట్టింది. లెక్క కూడా వేసి చూపింది. తెరిచిన భాగం 5 అడుగుల వెడల్పు, ఒకటిన్నర అడుగుల ఎత్తు, అంటే ఏడున్నర చదరపు అడుగులు. వేగం 100 ఉంటే నిమిషానికి 750 ఘనపుటడుగుల గాలి పోవాలి. 52 మీద పోతున్నది 390. తనిఖీ రిపోర్టులోని వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాసి, రిపోర్టు జత చేసింది. కెమిస్టు సంగతి రెండు వాక్యాల్లో చెప్పింది: ఏ తేదీన ఏం పని చేశాడు, ఎన్ని గంటల తరువాత ఏమైంది.

రిపేరుతో ఎందుకు పోదో రాయడానికే ఎక్కువసేపు పట్టింది. బెల్టు మార్చాం, నిలవలేదు. డాబా మీద బ్లోయర్ విప్పి చూస్తే లోపలి రెక్కల అంచుల్ని ఆమ్లం తినేసింది. గొట్టం అతుకులు రెండు చోట్ల విడిపోయాయి, దాంతో బ్లోయర్ లాగే గాలిలో కొంత హుడ్‌లోంచి కాక బయటినుంచే వస్తోంది. పెద్ద మోటారు పెడితే ఆ అతుకుల్లోంచే ఇంకాస్త లాగుతుంది. హుడ్ వెనక పలకకు కింది సందు ఉండాలి, కిందికి దిగే బరువైన పొగలు అందులోంచే పోవాలి. ఆ పలక అడుగుభాగం విరిగి సందును మూసేసింది. కింది వరుసలో అంకెలు పడిపోవడానికి కారణం అదే. కాబట్టి హుడ్, గొట్టం, బ్లోయర్ మూడూ ఒకదానికొకటి సరిపోయేలా కొత్తవి కావాలి. రెండు కొటేషన్లు జత చేసింది.

అప్పటిదాకా ఏం చేయాలన్నదీ రాసింది. తలుపును సగానికి దించి చూశాం. సగటు వేగం పెరిగింది, మూలన పొగ మాత్రం ఆగలేదు. అందుకని డైజెషన్‌లు బయటి ల్యాబ్‌కి పంపాలి. ఖర్చు ఇంత, రోజులు ఇన్ని.

పెద్దాయన రెండోసారి చదివాడు. బాగుందన్నాడు. చివర్లో కళ్లజోడు తీసి కాసేపు ఆలోచించాడు.

“పైన కూర్చున్న వాళ్లలో ల్యాబ్ చూసినవాడు ఒక్కడూ లేడు. నిమిషానికి 52 అడుగులంటే వాళ్లకి ఏం తెలుస్తుంది? కంటికి కనిపించేది ఒకటి రాయి. ఆ పీలిక సంగతి రాయి.”

ఆమె చివరన ఒక వాక్యం చేర్చింది: “హుడ్ తలుపుకున్న కాగితం పీలిక లోపలికి వంగి ఉంటే హుడ్ పనిచేస్తున్నట్టు, ఇప్పుడది తిన్నగా వేలాడుతోంది, ఎవరైనా వచ్చి చూడవచ్చు.”

ఉత్తరం వెళ్లింది.

నాలుగు రోజుల తరువాత డిస్పాచ్ నుంచి ఫోన్ వచ్చింది. ఆరో రోజున ఇంకొకటి. మూడు బ్యాచ్‌లు రిపోర్టు కోసం ఆగి ఉన్నాయి. బయటి ల్యాబ్‌కి పంపడానికి అనుమతి రాలేదు. ట్యాగ్ తియ్యమని ఎవరూ అనలేదు. ఎప్పుడు తీస్తారని మాత్రం అడిగారు. హుడ్ వచ్చాక అని ఆమె చెప్పింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ప్లాంట్ మేనేజర్ స్వయంగా ల్యాబ్‌కి వచ్చాడు. చేతిలో ఆమె ఉత్తరం ఉంది. చివరి వాక్యం కింద ఎర్ర సిరాతో గీత గీసి ఉంది.

“ఇదేనామ్మా ఆ పీలిక?”

“అదే సార్.”

ఆయన వంగి చూశాడు. ఆమె బ్లోయర్ వేసింది. డాబా మీద చప్పుడు మొదలైంది. పీలిక కదలలేదు. ఆయన సెల్‌ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు.

“వంగడం లేదు, నిజమే. దీని సంగతి చూస్తాం,” అన్నాడు.

ఆయన వెళ్లాక ఆమె పెద్దాయన దగ్గరికి వెళ్లి చెప్పింది. “చూశావా, ఒక్క వాక్యం,” అన్నాడాయన. ఇద్దరూ క్యాంటీన్‌లో టీ తాగారు.

ఆదివారం మెయింటెనెన్స్ వాళ్లు ల్యాబ్‌కి వచ్చినట్టు గేటు రిజిస్టర్‌లో ఉంది. వచ్చింది 11 గంటలకు. వెళ్లింది 11 గంటల 20 నిమిషాలకు.

సోమవారం ఆమె టేబుల్ మీద జవాబు ఉంది. నాలుగు వాక్యాలు. మీ ఉత్తరంలో పేర్కొన్న లోపాన్ని సరిచేశాం. కాగితం పీలిక లోపలికి వంగుతున్నట్టు నిర్ధారించుకున్నాం, ఫోటో జతచేశాం. కొత్త హుడ్ అవసరం ప్రస్తుతానికి లేదు. ఆగిన మూడు బ్యాచ్‌ల పరీక్షలు నేడే పూర్తి చేయగలరు.

ఆమె కాగితం అక్కడే వదిలి ల్యాబ్‌లోకి నడిచింది.

హుడ్ మీద ఎర్ర ట్యాగ్ లేదు. ముందు నిలబడి ఉన్నది జూలైలో ఆసుపత్రి పాలైన కెమిస్టే. ఆ రోజే తిరిగి డ్యూటీలో చేరాడు. గాగుల్స్ పెట్టుకున్నాడు, గ్లవ్స్ వేసుకున్నాడు. ఆమ్లం పోసిన ఆరు బీకర్లు ట్రేలో పట్టుకుని ఉన్నాడు.

“పీలిక చూశాకే పెడుతున్నాను మేడమ్,” అన్నాడు. “బాగా వంగి ఉంది.”

ఆమె చూసింది. పీలిక లోపలికి వంగి ఉంది. ఎప్పుడూ వంగనంతగా వంగి ఉంది.

“ఆగు,” అంది.

ల్యాబ్ నిశ్శబ్దంగా ఉంది. బ్లోయర్ స్విచ్ ఇంకా ఎవరూ వెయ్యలేదు.

ఆమె అద్దం కిందినుంచి తల వంచి చూసింది. పీలిక కొస హుడ్ లోపలి పక్కగోడకు ఆని ఉంది. దాని మీద సెల్లోటేప్ మెరుస్తోంది.