పప్పు ఉడకని నీళ్లు: ఒక క్యాన్ ఆత్మకథ

నేను ఇరవై లీటర్ల తెల్ల ప్లాస్టిక్ క్యాన్‌ని. తెల్ల అని మర్యాదకు అంటున్న గానీ, ఇప్పుడు మక్కగింజ రంగుకొచ్చిన. మర్రిగూడల ఈ ఇంటికొచ్చి పదిహేనేండ్లు దాటింది. అడుగున పగులువడ్డంక నీళ్లు ఆగుతలేవని నన్ను బోర్లేసి పీట లెక్క వాడుకుంటున్నరు.

మైలపోలు అయినంక తమ్ముడు నా మీదనే కూసొని ఫోను తీసిండు. తెల్లారితే అక్క లగ్గం. 'హ్యాపీ మ్యారీడ్ లైఫ్ అక్కా, బావా' అని కొట్టి, కింద పన్నెండు గులాబీపూలు పెట్టిండు. పక్కన పసుపు చేతులతో నిలబడ్డ చిన్నమ్మ తొంగి చూసింది.

"గిది టెంటోడు సుత పెడ్తడు గదరా. నువ్వు తోడవుట్టినోనివి."

తుడిపేసిండు. ఈసారి అక్క పక్కల పోసుకున్న ముచ్చట రాసి, తనే పడీపడీ నవ్విండు. చిన్నమ్మ నవ్వలే. "బావ తరపోళ్లు సదువుతరు. రేపు అత్తగారింట్ల అడుగువెట్టే పిల్లను ఇయ్యాల్నే నవ్వులపాలు చేస్తవా? నవ్వాల్నంటే నిన్ను జూసి నవ్వాలె" అన్నది. ఎంతమంది సదువుకున్నోళ్లు చెప్తరు ఆ మాట!

తమ్ముడు ఆలోచించుకుంట కాలి మడిమెతోని నన్ను తట్టిండు. తట్టి ఆగిండు. నేను యాదికొచ్చిన.

మా దిక్కు బోరునీళ్ల కథ తెలిసిందే. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు ఏండ్లకేండ్లు కడుపులకు పోతే పండ్లు గారవడ్తయి, ఎముకలు బిగుసుకపోతయి. ఈ ఇంటి అవ్వ నడుం అట్లనే వంగింది. అందుకే కృష్ణా నీళ్లు నల్లాలకు రాకముందు, తాగేందుకూ వండేందుకూ ఫిల్టరు నీళ్లు కొనేది. సైకిలు వెనక సీటుకు నన్ను ట్యూబుతో కట్టి, తమ్ముడు తొక్కితే అక్క వెనక నుంచి పట్టుకునేది.

ఒకనాడు మూలమలుపు కాడ తమ్ముడు రెండు చేతులూ ఇడిసి సైకిలు తొక్కవోయిండు. ముగ్గురం మోరీ పక్కన పడ్డం. మూత ఊడి నీళ్లన్నీ మట్టిపాలు. ఇంకోసారి కొందామంటే పైసల్లేవు. అక్కాతమ్ముడు ఒకల మొకం ఒకలు చూసుకొని, బోరింగు కాడ నన్ను నింపి, ఏమెరగనట్టు ఇంటికి తెచ్చిండ్రు.

ఫ్లోరైడుకు రంగుండదు, రుచుండదు. దాన్ని నాలుక పట్టలేదు. కానీ ఆ బోరునీళ్లల్ల ఉప్పదనమూ, సున్నమూ ఉంటయి. సున్నం ఎక్కువున్న నీళ్లల్ల పప్పు గట్టిగనే ఉంటది, ఎంత మంటవెట్టినా తొందరగ మెత్తబడదు. ఆ పూట కందిపప్పు రెండు గంటలు ఉడికింది, ఉడికింది, గింజ గింజగనే మిగిలింది. తమ్ముడు పొయ్యి కాడ కూసొని "పప్పే మంచిది కాదు, దుకాణపోడు మోసం చేసిండు" అని పంచాయితి మొదలువెట్టిండు. అవ్వ గ్లాసెడు నీళ్లు నోట్లె పోసుకొని, ఊసి, "దుకాణపోడు బోరింగు సుత అమ్ముతున్నడా?" అన్నది. అప్పుడు అక్క ముందుకొచ్చింది. "నేనే పారవోసిన అవ్వా" అన్నది. వీపు మీద ఒకటి పడ్డది ఆమెకే.

ఇదంతా రాస్తే ఫోను నిండింది. తమ్ముడు చదివి, సైకిలు రంగూ ఫిల్టరు ధరా తీసేసిండు. పప్పును, అవ్వ మాటను ఉంచిండు. దీవెన కాడ మళ్లొచ్చి ఇరుక్కున్నడు. 'అష్టైశ్వర్యాలతో' అని మొదలువెట్టి కొట్టేసిండు. అది పత్రికల అచ్చయ్యే మాట, ఆయన నోట్లెది కాదు. శానాసేపు గమ్మునున్నడు. చివరికి పెట్టింది ఇది:

"అక్కా, బోరునీళ్లు తెచ్చి, పప్పు ఉడకకుంటే దుకాణపోన్ని తిట్టినోన్ని నేను. దెబ్బ తిన్నది నువ్వు. 'దుకాణపోడు బోరింగు సుత అమ్ముతున్నడా' అని అవ్వ అడిగినా నేను నోరిప్పలే. నువ్వు పోయే ఇంట్ల పొయ్యి మీద పెట్టింది పెట్టినట్టే ఉడకాలె. నీ మీద మాటవడ్డ నాడు ముందుకొచ్చి 'నేనే' అనేటోడు పక్కన ఉండాలె. బావా, గది నువ్వే. అక్కా, పిల్లాపాపలతో సల్లగుండు. ఒడిబియ్యం పోసుకునేందుకు ఎప్పుడొచ్చినా బస్సు కాడ సైకిలుతో నేనుంట. రెండు చేతులతో పట్టుకునే తొక్కుత."

అక్క చేతులకు మైదాకు ఆరలే. చిన్నమ్మే ఫోను పట్టుకొని చదివి వినిపించింది. 'రెండు చేతులతో' కాడ అక్క నవ్వింది, కండ్లు తుడుసుకుందామంటే చేతులు రావాయె. చిన్నమ్మ కొంగుతో తుడిచింది.

తర్వాత అక్క బయటికొచ్చింది. నా మీద కూసున్న తమ్ముని నెత్తికి మోచెయ్యి ఆనించి అన్నది:

"పిచ్చోడా, నువ్వు పడేసినందుకు కాదు నేను ఒప్పుకున్నది. ఆనాడు మూత వంకర బిగించింది నేనే."

నాకు ముందే తెలుసు.