లీటర్ల గిన్నెలూ, పొంగే సాంబారూ

మా రోజుల్లో గిన్నె ఎంతదని అడిగితే అందులో ఎన్ని బియ్యం వండొచ్చో చెప్పేవారు. తవ్వెడు గిన్నె, మానెడు గిన్నె, కుంచెడు గుండిగ. ఉడికి పొంగడానికి కావలసిన చోటు ఆ లెక్కలోనే కలిసి ఉండేది. ఇప్పుడు పాత్రల కొట్టుకు వెళితే అన్నీ లీటర్లే. ఆ లీటర్లేమో అంచు దాకా నీళ్లు పోస్తే ఎన్ని పడతాయో చెప్పే లీటర్లు. అంచు దాకా నింపి వంట ఎవరు చేస్తారు? కొనేవాళ్లు అడగరు, అమ్మేవాళ్లు చెప్పరు.

మా తమ్ముడి కొడుకు గృహప్రవేశంలో జరిగింది ఇదే. అరవై మంది భోజనానికి వస్తారని లెక్క. మనిషికి 200 మిల్లీలీటర్ల చొప్పున 12 లీటర్ల సాంబారు కావాలి. అంతవరకూ సరిగానే లెక్కపెట్టారు, విస్తట్లో పప్పూ కూరలూ ఉన్నప్పుడు మనిషికి అంత చాలు. ఆ లెక్క చూసుకుని 12 లీటర్ల స్టీలు డేగిసా కొత్తది కొనుక్కొచ్చారు. పులుసులో ముక్కలు ఉడుకుతున్నంతసేపూ ఏమీ కాలేదు. ఎనిపిన పప్పు గుమ్మరించి మంట పెంచారు, అంతే. పసుపుపచ్చ నురగ పాలు పొంగినట్టు ఒక్కసారిగా లేచి, అంచు దాటి, గిన్నె పక్కల నుంచి కారి బర్నరు మీద పడింది. ఒక పక్క మంట ఆరిపోయి గ్యాసు వాసన మొదలైంది. పిల్లలు తిరుగుతున్న వంటింట్లో అది ఎంత ప్రమాదం! పొయ్యి కట్టేసి, కిటికీలు తెరిచి, గిన్నె దింపి, బర్నరు రంధ్రాలు శుభ్రం చేసేసరికి వడ్డనకు అరగంట ఆలస్యమైంది.

పులుసు ఒక్కటే మరిగితే బుడగలు వచ్చి వచ్చినట్టే పగిలిపోతాయి. కందిపప్పు కలిశాక నీళ్లు చిక్కబడతాయి, పప్పులోని మాంసకృత్తులూ పిండిపదార్థమూ బుడగ చుట్టూ పొరకట్టి దాన్ని తొందరగా పగలనివ్వవు. పగలని బుడగ మీద మరో బుడగ చేరుతుంది. చిక్కదనానికి బియ్యప్పిండి కలిపి పోస్తే మరీను. అందుకే సాంబారు పొంగేది మొదట్లో కాదు, పప్పు పడ్డాక వచ్చే మొదటి తెర్లులో. గిన్నెలో ఖాళీ ఉండాల్సింది ఆ నాలుగైదు నిమిషాల కోసం. ఎలాగూ మరిగి తగ్గుతుంది కదా అని కొందరంటారు. తగ్గేది తర్వాత, పొంగేది ముందు.

ఎంత ఖాళీ అంటే, గిన్నెలో కనీసం నాలుగో వంతు. గ్యాసు పొయ్యి మీద మంట ఒక్కచోటే గట్టిగా తగులుతుంది కనుక మూడో వంతు వదిలితే నిశ్చింత. 12 లీటర్ల సాంబారుకు నాలుగో వంతు వదలాలంటే 16 లీటర్ల గిన్నె, మూడో వంతు వదలాలంటే 18 లీటర్లది. సాంబారు లీటర్లకు అందులో సగం కలిపితే గిన్నె లీటర్లు వస్తాయి. ఇంతకంటే పెద్ద లెక్కేం లేదు.

ఇంకో పొరపాటు కూడా చూస్తుంటాను. పోసే నీళ్లనే సాంబారుగా లెక్కేసుకుంటారు. పప్పూ ముక్కలూ చోటు తినవా? ఈ 12 లీటర్లే తీసుకోండి. మనిషికి 25 గ్రాముల చొప్పున కిలోన్నర కందిపప్పు. మూడింతల నీళ్లతో ఉడికించి ఎనిపితే దగ్గర దగ్గర ఐదున్నర లీటర్లవుతుంది. మునక్కాడలు, సొరకాయ, ముల్లంగి, ఉల్లిపాయలు కలిపి రెండున్నర కిలోలు, అవి ఇంచుమించు రెండున్నర లీటర్ల చోటు పడతాయి. పావుకిలో పైచిలుకు చింతపండు నానేసి పిసికితే రెండు లీటర్ల పులుసు. ఇక విడిగా పోయాల్సిన నీళ్లు రెండు లీటర్లే. ఈ లెక్క తెలియక పప్పు మీద పది లీటర్ల నీళ్లు పోసేవాళ్లున్నారు. సాంబారు పలచనవుతుంది, గిన్నె కూడా చాలదు.

పప్పు ఉడికించే పాత్రకు ఇంకా ఎక్కువ ఖాళీ కావాలి. కుక్కర్లో పప్పూ నీళ్లూ కలిపి మూడో వంతు దాటకూడదు. దాటితే నురగ ఎగదన్ని విజిల్ దారిలో అడ్డం పడుతుంది, ఆవిరి బయటికి పోవడానికి చోటుండదు. అరకిలో పప్పు, లీటరున్నర నీళ్లు కలిస్తే రెండు లీటర్లు. దానికి ఆరున్నర లీటర్ల కుక్కర్ కావాలి. కిలోన్నర పప్పు మూడు వాయిలుగా పెట్టుకోవాల్సిందే. మా మేనత్త మూత లేని గుండిగలో ఒకేసారి ఉడికించేది, కానీ సగానికి మించి నింపేది కాదు. పైకి తేలిన తెట్టు గరిటెతో తీసి పారబోశాకే మంట పెంచేది.

ఆ ఇత్తడి గుండిగల గురించి చెప్పాలి. కడుపు వెడల్పుగా ఉండి, పైకి వచ్చేసరికి మెడ సన్నబడేది. చోటు సన్నబడితే నురగ అదే వేగంతో ఇంకా పైకి ఎక్కుతుంది. అందుకే సాంబారు మెడ వంపు మొదలయ్యే చోటికి రాకూడదని వంటవాళ్లకు కట్టడి. గీత గీసి పెట్టినట్టు ఆ వంపే కొలత. చదువు లేనివాళ్లు కూడా తప్పేవాళ్లు కారు. ఇప్పటి డేగిసాలు నిట్టనిలువుగా ఉంటాయి, ఎక్కడ ఆపాలో గిన్నె చెప్పదు. మనమే చూసుకోవాలి.

ఇంట్లో ఉన్న పాత గిన్నె మీద లీటర్లు రాసి ఉండకపోతే టేపు తీయండి. లోపలి వెడల్పులో సగాన్ని దానితోనే గుణించి, 3.14తో గుణించి, మళ్లీ ఎత్తుతో గుణించి, వెయ్యితో భాగిస్తే లీటర్లు. కొలతలు సెంటీమీటర్లలో ఉండాలి. లోపల 32 వెడల్పు, 22 ఎత్తు ఉన్న డేగిసా పదిహేడున్నర లీటర్ల పైచిలుకు పడుతుంది. మన 12 లీటర్ల సాంబారు అందులో 15 సెంటీమీటర్ల ఎత్తుకు వస్తుంది, పైన 7 సెంటీమీటర్లు మిగులుతుంది. అరవై మందికి అచ్చంగా సరిపోయే గిన్నె అది. టేపు లెక్క మెడ ఉన్న గుండిగకు పనికిరాదు. దానికి లీటరు సీసాతో నీళ్లు కొలిచి పోయడమే.

పెద్దదైతే మంచిదే కదా అని 40 లీటర్ల గంగాళం అద్దెకు తెచ్చి అందులో పది లీటర్లు కాస్తారు కొందరు. అదీ తప్పే. వెడల్పాటి అడుగున పలచగా పరుచుకున్న సాంబారులో పప్పు అడుగంటుతుంది, నీళ్లు గబగబా ఇగిరిపోతాయి. మాడు వాసన పట్టిన సాంబారును ఏ పోపూ కాపాడలేదు. మూడో వంతు కూడా నిండని గిన్నెను పక్కన పెట్టేయాలి.

నూరుమందికి చేయాల్సి వస్తే 20 లీటర్లు. లెక్క ప్రకారం 30 లీటర్ల గిన్నె సరిపోతుంది, కానీ ఇంటి గ్యాసు పొయ్యి మీద అది తెర్లడానికి చాలాసేపు పడుతుంది. పైగా ఇరవై కిలోలు దాటిన ఆ మరుగుతున్న బరువును ఎవరు దింపుతారు? మా రోజుల్లో ఇద్దరు మగవాళ్లు గోనెపట్టాలు పట్టుకుని దింపేవారు. ఇప్పుడు అపార్టుమెంటు వంటింట్లో ఇద్దరు నిలబడేందుకే చోటు లేదు. అందుకని 15 లీటర్లవి రెండు పెట్టుకోండి. రెండో గిన్నెలో పప్పు కలిపేది మొదటిది పొంగు అణిగాకే, ఎందుకంటే ఆ నాలుగైదు నిమిషాలూ మంట తగ్గించి గరిటె తిప్పుతూ ఒక మనిషి అక్కడే నిలబడాలి.