అమ్మవారు దయతలచిందన్నాను

నాకు వైద్యం రాదు. రాదన్న సంగతి ఒప్పుకోవడానికే ఇన్నేళ్ళు పట్టింది. మా ఇంట్లో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా ముందు నా తీర్పు వినాలి, ఆ తర్వాతే డాక్టరు. ఆ తీర్పు ఎంత తలకిందులుగా ఉండగలదో మా మనవరాలి ఒంటిమీది మచ్చలు చెప్పాయి.

అమ్మాయి మాచర్ల నుంచి నరసరావుపేటకు మా ఇంటికి వచ్చి ఉంది. పదకొండు నెలల పిల్లకు ఉన్నట్టుండి 103 డిగ్రీల జ్వరం. సిరప్ వేస్తే దిగడం, కాసేపటికి మళ్ళీ ఎక్కడం. మూడు రోజులు అలాగే గడిచింది. జలుబు పెద్దగా లేదు, దగ్గు లేదు. జ్వరం దిగిన గంటలో పిల్ల ఆడుకునేది కూడా. నాలుగో రోజు పొద్దున ఒళ్ళు చల్లబడింది. సాయంత్రానికి వీపు మీద, పొట్ట మీద గులాబీరంగు మచ్చలు కనపడ్డాయి.

"తట్టు! అమ్మవారు పోసింది" అన్నాను. గుమ్మానికి వేపమండలు కట్టించాను. తాలింపు వెయ్యొద్దన్నాను. పిల్లకు స్నానం మాన్పించాను. "మరి జ్వరం తగ్గిందిగా నాన్నా?" అని అమ్మాయి అడిగితే నా దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది. "లోపలున్నది బయటికి పోసింది, అందుకే తగ్గింది. అమ్మవారు దయతలచింది."

మర్నాడు మా ఆవిడ నా మాట వినకుండా పిల్లను డాక్టరమ్మకు చూపించింది. నేనూ వెంట వెళ్ళాను, తట్టు అని డాక్టరమ్మకు చెప్పడానికి. డాక్టరమ్మ మచ్చలు చూడకముందే అడిగింది: "జ్వరం ముందు తగ్గిందా, మచ్చలు ముందు వచ్చాయా?" నేను గర్వంగా, జ్వరం తగ్గాకే వచ్చాయని చెప్పి, కారణం కూడా వివరించాను. ఆవిడ నవ్వింది. "తట్టు అయితే సరిగ్గా దానికి తలకిందులుగా జరగాలండీ. మచ్చలు పోసే రోజుకే జ్వరం ఇంకా పెరుగుతుంది."

తట్టు కాదని చెప్పే గుర్తునే నేను తట్టుకు సాక్ష్యంగా తీసుకుపోయాను! పిల్లకు వచ్చింది రోజియోలా. హెర్పిస్ జాతి వైరస్ ఒకటి దానికి కారణమని 1988లో జపాన్ వైద్యులు తేల్చారు. ఎక్కువగా ఆరు నెలల నుంచి రెండేళ్ళ లోపు పిల్లలకు వస్తుంది. మూడు నుంచి ఐదు రోజులు గట్టి జ్వరం, అది ఒక్కసారిగా దిగడం, తర్వాత మచ్చలు. అవి ముందు ఒంటిమీద మొదలై మెడకు, చేతులకు పాకుతాయి, ఒకటి రెండు రోజుల్లో ఆనవాలు లేకుండా పోతాయి. దీనికి ప్రత్యేకంగా మందు అక్కర్లేదు.

తట్టులో జ్వరంతోపాటే దగ్గు, కారే ముక్కు, ఎర్రబడి నీరుకారే కళ్ళు ఉంటాయి. మచ్చలు చెవుల వెనక, నుదుటి మీద మొదలై ముఖం నుంచి కిందికి దిగుతాయి. మచ్చలు పోయడానికి ఒకటి రెండు రోజుల ముందు బుగ్గల లోపల ఎర్రటి చర్మం మీద ఉప్పురవ్వల్లాంటి తెల్లచుక్కలు కనపడొచ్చు. అవి త్వరగా మాయమవుతాయి గనుక, కనపడనంత మాత్రాన తట్టు కాదని చెప్పలేం. మన చామనఛాయ ఒంటిమీద ఎరుపు సరిగ్గా తెలియదు, పగటి వెలుతురులో చూడాలి. ఎంతకీ తేలకపోతే రక్తపరీక్ష ఉంది.

ఇంకో సంగతి నన్ను మరీ సిగ్గుపడేలా చేసింది. మచ్చలు చూసి కంగారుపడ్డ నేను, అంతకుముందు మూడు రోజులూ "ఎండల వేడి, అదే పోతుంది" అని ధీమాగా ఉన్నాను. రోజియోలాలో భయపడాల్సింది ఆ జ్వరానికే. కొందరు పిల్లలకు అప్పుడే ఫిట్స్ వస్తాయట. మచ్చలు వచ్చేసరికి గండం గడిచినట్టే. అదే మచ్చలు వచ్చాక కూడా జ్వరం దిగకపోయినా, పిల్ల ఆయాసపడుతున్నా, పాలు తాగకపోయినా, గాజుగ్లాసు అదిమి చూస్తే మచ్చ రంగు చెదరకపోయినా ఆలస్యం చెయ్యకూడదు.

లేచి వస్తూ, అప్పటికే అమ్మాయికి ఇచ్చిన సలహా గురించి కూడా నోరుజారాను: "ఒకసారి తట్టు పోసిందిగా, ఇక ఆ రెండో సూది అక్కర్లేదన్నాను." డాక్టరమ్మ ముఖంలో నవ్వు పోయింది. పిల్లకు తొమ్మిదో నెలలో ఎంఆర్ టీకా ఒక డోసు పడింది. ఒక్క డోసుతో పిల్లలందరికీ రక్షణ రాదు. రెండోది 16 నుంచి 24 నెలల మధ్య వెయ్యాలి. రోజియోలాను తట్టనుకుని అది మానేస్తే, అసలు తట్టు వచ్చిన రోజున అడ్డుకునేది ఉండకపోవచ్చు. ఆవిడ టీకాల కార్డు తీసి రెండో డోసు నెల దగ్గర పెన్నుతో గుండ్రంగా చుట్టి, కార్డు నా చేతికి కాకుండా మా ఆవిడ చేతికి ఇచ్చింది.