దొరకలేదని సర్టిఫికెట్!

ఆత్మకూరులో పోర్షన్ అద్దెకు దిగిన ఉదయగిరి కుర్రాడు పోలీసు వెరిఫికేషన్ కాగితం తెచ్చిచ్చాడు. ఓనరుగారు దాన్ని లామినేషన్ చేయించి, ఇల్లు అతనికి అప్పజెప్పి, నిశ్చింతగా తిరుపతి బస్సెక్కారు.

ఇంతకీ కాగితంలో ఏముంది?

ఫలానా పేరు మీద, ఫలానా తేదీ నాటికి, వెతికిన రికార్డుల్లో కేసు కనబడలేదని. అంతే. మంచివాడని కాదు. దొంగ కాడనీ కాదు. దొరకలేదని!

వెతికేది పేరుతో. పెంచలకోన స్వామి దయవల్ల ఈ పక్క పెంచలయ్యలకు కరువు లేదు. ఇంటిపేరు ముందుంటే ఒకడు, వెనకుంటే ఇంకొకడు. స్పెల్లింగులో ఒక్క అక్షరం జారితే పాత కేసు కూడా జారుకుంటుంది.

గట్టు తగాదాలో ఎదురు కేసు తగిలించుకున్న రైతుబిడ్డకు మాత్రం ‘కేసు ఉంది’ అని రాసొస్తుంది. పదేళ్లుగా పట్టుబడని చేతివాటం మనిషిది మల్లెపువ్వులాంటి రికార్డు.

ఇక చిరునామా విచారణ. ‘‘ఇంట్లోనే ఉన్నావా? అయితే ఆధార్ జిరాక్సు తీసుకుని స్టేషన్‌కు రా!’’ అన్నారంటే, ఇల్లు చూసినట్టే. 1514లో ఉదయగిరి కోట చేజిక్కడానికి రాయలవారు నెలల తరబడి ముట్టడి వేయాల్సొచ్చింది పాపం. ఆయన దగ్గర జిరాక్సు లేదు.

పనిమనిషి కాగితమూ ఇంతే. పని మానేసిన చోట ఎందుకు మానేసిందో అందులో ఉండదు. పాత యజమానికి ఒక్క ఫోను కొడితే తెలుస్తుంది.

అన్నట్టు, అడ్వాన్సు తిరిగివ్వని ఓనరును వెరిఫై చేయాలంటే ఏ ఫారం నింపాలో అద్దెకొచ్చేవాడికి ఎవరూ చెప్పరు.